చిన్న ఆర్డరు అసలు ఖర్చు ఎంత? ఓవర్‌హెడ్‌ను ఏబీసీ పద్ధతిలో ఎలా పంచాలి

ఒకే కార్ఖానాలో రెండు రకాల వాల్వులు తయారవుతున్నాయనుకోండి. ఒకటి ఏడాది పొడుగునా వేలల్లో పోయే సాదా వాల్వ్. రెండోది, ఎవరైనా డ్రాయింగ్ పంపితే పదేసి పీసులు చేసిచ్చే స్పెషల్ వాల్వ్. పుస్తకాల్లో చూస్తే స్పెషల్‌లో లాభం బ్రహ్మాండంగా ఉంటుంది, సాదా రకంలో అంతంతమాత్రం. అదే సమయంలో సేల్స్ వాళ్లు రెండు మాటలు చెబుతుంటారు. సాదా వాల్వ్‌ను పోటీవాళ్లు మనకంటే తక్కువకే ఇస్తున్నారని, స్పెషల్ దగ్గర మాత్రం మనం ఎంత రేటు చెప్పినా పార్టీ బేరమాడటం లేదని. ఈ రెండూ కలిపి వినపడుతున్నాయంటే, మార్కెట్‌ను అనుమానించే ముందు, ఏ వాల్వ్‌కూ నేరుగా అంటగట్టలేని జీతాలు, కరెంటు లాంటి ఖర్చును, అంటే ఓవర్‌హెడ్‌ను, మీరు పంచే తీరును అనుమానించండి.

ఇది కొత్త రోగమేమీ కాదు. 1980లలో అమెరికాలో ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ సంస్థకు విడిభాగాలు చేసే యూనిట్‌కు సరిగ్గా ఇదే ఎదురైంది. సొంత సంస్థలోని మిగతా విభాగాలకే బిడ్లు వేస్తే, తక్కువ సంఖ్యలో కావలసిన భాగాలే వీళ్లకు దక్కేవి. వాళ్ల మెషిన్లకు బాగా సరిపోయే పెద్ద ఆర్డర్లు చేజారిపోయేవి. పాత లెక్క పెద్ద ఆర్డర్లకు ఎక్కువ ఖర్చు, చిన్నవాటికి తక్కువ ఖర్చు చూపించడమే కారణం. అక్కడా మరికొన్ని కంపెనీల్లోనూ చూసినదాన్ని హార్వర్డ్‌లో రాబిన్ కూపర్, రాబర్ట్ కప్లాన్ ఒక పద్ధతిగా రాసి ప్రచారంలోకి తెచ్చారు. యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్, వాడుకలో ఏబీసీ అంటున్నది దాన్నే.

కింద చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. అంకెలు లెక్క సులువుగా ఉండటానికి నేను పెట్టుకున్నవి. వాటి స్థానంలో మీవి పెట్టుకుంటూ రండి.

1. ముందు పాత లెక్కను కాగితం మీద పెట్టండి

ఏబీసీ మొదలుపెట్టే ముందు, ఇప్పుడున్న పద్ధతిలో ఒక్కో వాల్వ్‌కు ఎంత పడుతోందో రాసుకోవాలి. తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

మన కార్ఖానా ఏడాదికి 20,000 సాదా వాల్వులు, 1,000 స్పెషల్ వాల్వులు చేస్తుంది. సాదా వాల్వ్‌కు మెటీరియల్, నేరుగా పడే కూలీ కలిపి 500 రూపాయలు. స్పెషల్‌కు 1,900. అమ్మకం ధరలు 800, 4,000. ఏడాది ఓవర్‌హెడ్ మొత్తం 60 లక్షలు.

ఈ 60 లక్షలను మెషిన్ గంటల మీద పంచుతున్నారు. సాదా వాల్వ్‌కు అరగంట చొప్పున 10,000 గంటలు, స్పెషల్‌కు రెండు గంటల చొప్పున 2,000 గంటలు, మొత్తం 12,000. అంటే గంటకు 500 రూపాయలు. సాదా వాల్వ్ మీద 250, స్పెషల్ మీద 1,000 పడతాయి. సాదా ఖర్చు 750 అయి 50 రూపాయలు మిగులుతాయి, స్పెషల్ ఖర్చు 2,900 అయి 1,100 మిగులుతాయి. ఏడాది మీద సాదా రకం 10 లక్షలు, స్పెషల్ రకం 11 లక్షలు, మొత్తం 21 లక్షల లాభం.

ఈ అంకెలు చూసిన ఏ యజమానికైనా ఒకటే ఆలోచన వస్తుంది: స్పెషల్ ఆర్డర్లు ఇంకా పట్టుకురండి!

ఈ లెక్కలో కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు దాని వెనకున్న ఊహలో ఉంది. మెషిన్ ఎంతసేపు తిరిగితే అంత ఓవర్‌హెడ్ పుడుతుందని అది అనుకుంటోంది. కరెంటు విషయంలో అది నిజమే. కానీ మెషిన్ ఆగి ఉన్నప్పుడు పుట్టే ఖర్చు సంగతేమిటి? పీసును పట్టి ఉంచే జిగ్ మార్చేటప్పుడు, డ్రాయింగ్ సరిదిద్దేటప్పుడు, స్టోర్స్‌లో ఒక కొత్త సీల్ కోసం కొనుగోలు ఆర్డరు రాసేటప్పుడు మెషిన్ గంటల మీటరు కదలదు. కానీ జీతాల మీటరు కదులుతూనే ఉంటుంది.

2. పద్దులను పనులుగా మార్చండి

మీ లెడ్జర్‌లో ఓవర్‌హెడ్ అంతా జీతాలు, కరెంటు, తరుగుదల, ఇన్సూరెన్స్ అనే పేర్లతో ఉంటుంది. డబ్బు ఎవరికి వెళ్లిందో అవి చెబుతాయి గానీ ఏ పని కోసం వెళ్లిందో చెప్పవు. కాబట్టి ప్రతి పద్దునూ పట్టుకుని "ఈ డబ్బుతో ఇక్కడ ఏ పని జరిగింది?" అని అడగాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఉత్సాహం కొద్దీ యాభై అరవై పనుల జాబితా రాసేస్తారు. రెండు నెలలయ్యాక ఆ లిస్టును అప్‌డేట్ చేసేవాళ్లుండరు, ఫైలు అటకెక్కుతుంది. ఒక మధ్యతరహా కార్ఖానాకు మొదటి ఏడాది ఐదారు పనులు చాలు. ఒక పనిని విడిగా చూపాలంటే రెండు షరతులు పెట్టుకోండి. దాని మీద చెప్పుకోదగ్గ డబ్బు ఖర్చవుతుండాలి. మీ ఉత్పత్తులు దాన్ని వేర్వేరు నిష్పత్తుల్లో వాడుకుంటుండాలి. రెండో షరతు లేకపోతే విడదీసినా ఫలితం మారదు, శ్రమే మిగులుతుంది.

మన 60 లక్షలు ఇలా విడిపోయాయి. మెషిన్లు నడపడం (కరెంటు, తరుగుదల, రిపేర్లు) 18 లక్షలు. బ్యాచ్ మారినప్పుడల్లా మెషిన్లను సిద్ధం చేసే సెటప్ టీమ్ 14 లక్షలు. కొనుగోళ్లు, స్టోర్స్ 9 లక్షలు. తనిఖీ, టెస్టింగ్ 6 లక్షలు. డ్రాయింగులు, డిజైన్ మార్పులు 5 లక్షలు. మిగిలిన 8 లక్షలు ఫ్యాక్టరీ మేనేజరు జీతం, సెక్యూరిటీ, భవనం ఇన్సూరెన్స్ లాంటివి.

ఆ చివరి 8 లక్షలను ఏ వాల్వ్ మీదా వేయకండి. స్పెషల్ వాల్వ్ చేసినా మానేసినా గేటు దగ్గర వాచ్‌మన్ ఉండాల్సిందే. ఏదో ఒక నిష్పత్తి పట్టుకుని దాన్ని పంచితే, మనం వదిలించుకోవాలనుకున్న పాత జబ్బే మళ్లీ దొడ్డిదారిన వస్తుంది. దాన్ని మొత్తం లాభంలోంచి ఒకేసారి తీసేయడం మంచిది.

జీతాల విభజనకు మనుషుల్ని అడగక తప్పదు. ఒక ఉద్యోగి రెండు మూడు పనులు చేస్తుంటే, దేనికి ఎంత శాతం సమయం పడుతోందో చెప్పమంటారు. చెప్పిన శాతాలు కూడితే ఎప్పుడూ కచ్చితంగా 100 వస్తుంది. "నాకు ఇరవై శాతం ఖాళీ" అని ఎవరూ రాసివ్వరు కదా! ఈ సంగతి గుర్తుంచుకోండి, 6వ భాగంలో దీనికి మళ్లీ వస్తాను.

3. ప్రతి పనికీ ఒక కొలత, ఆ కొలతను కళ్లతో చూడటం

ఏ పని ఎందువల్ల పెరుగుతుందో చెప్పే కొలతను కాస్ట్ డ్రైవర్ అంటారు. మెషిన్ నడపడానికి మెషిన్ గంటలు, సెటప్‌కు సెటప్ గంటలు, కొనుగోళ్లకు కొనుగోలు ఆర్డర్ల సంఖ్య, తనిఖీకి తనిఖీ గంటలు, డిజైన్‌కు డ్రాయింగ్ మార్పుల సంఖ్య.

సెటప్‌కు గంటలు లెక్కపెట్టాలా, లేక ఎన్నిసార్లు చేశారో లెక్కపెడితే చాలా అని చాలామంది అడుగుతారు. అన్ని సెటప్‌లకూ దాదాపు ఒకే సమయం పడుతుంటే సంఖ్య చాలు, దాన్ని సేకరించడం సులువు. ఒకటి గంటలో అయిపోయి మరొకటి రోజంతా తింటుంటే మాత్రం గంటలే కావాలి. అనుమానంగా ఉంటే ఒక వారం పాటు రెండూ రాసి చూడండి.

సంఖ్య అయినా గంటలైనా, ఆఫీసులో కూర్చుని అడిగి రాసుకోకండి. నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక కార్ఖానాలో సెటప్‌కు ఎంతసేపు పడుతుందని సూపర్‌వైజర్‌ను అడిగితే, తడుముకోకుండా "ఒక్కో మెషిన్‌కు రెండు గంటలు సార్" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. మర్నాడు స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. పాత జిగ్ విప్పడం, కొత్తది బిగించడం, టూల్స్ మార్చడం, ప్రోగ్రామ్ ఎక్కించడం, అన్నీ నిజంగానే రెండు గంటల్లో అయిపోయాయి. తర్వాత మొదటి పీసు తీశారు. బోరు కొలత కొంచెం పెద్దదైంది, ఆఫ్‌సెట్ సరిచేశారు. రెండో పీసు కొలత బాగుంది, కానీ తనిఖీ మనిషి వేరే బ్యాచ్ దగ్గర ఉన్నాడు. అతను వచ్చి చూసి, ఫినిష్ బాలేదంటే టూల్ మార్చారు. నాలుగో పీసు పాసయ్యేసరికి మొత్తం నాలుగు గంటలు దాటింది. సూపర్‌వైజర్ దృష్టిలో సెటప్ అంటే బిగింపు. డబ్బు దృష్టిలో సెటప్ అంటే, పాత బ్యాచ్ ఆఖరి మంచి పీసు నుంచి కొత్త బ్యాచ్ మొదటి మంచి పీసు దాకా పట్టే మొత్తం సమయం. ఏ కొలత తీసుకున్నా అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక వాక్యంలో రాసి, అందరి దగ్గరా అదే అర్థం ఉండేలా చూసుకోండి.

మన ఉదాహరణలో స్పెషల్ బ్యాచ్ మూడు మెషిన్ల మీదుగా వెళ్తుంది, మొత్తం సెటప్ 12.5 గంటలు. పది పీసులకొక బ్యాచ్ కాబట్టి ఏడాదికి 100 బ్యాచ్‌లు, 1,250 గంటలు. సాదా వాల్వ్ వెయ్యికొక బ్యాచ్, ఒక్కో బ్యాచ్‌కు 7.5 గంటల చొప్పున 20 బ్యాచ్‌లకు 150 గంటలు. తనిఖీలో సాదా రకానికి బ్యాచ్‌కు 50 పీసులు మాత్రమే శాంపిల్‌గా తీసి ఒక్కోదానికి పావుగంట చూస్తారు, ఏడాదికి 250 గంటలు. స్పెషల్‌లో ప్రతి పీసునూ అరగంట టెస్ట్ చేస్తారు, 500 గంటలు.

4. రేటు కట్టి పంచండి

ఇక మిగిలింది భాగహారం, గుణకారం. పని ఖర్చును దాని మొత్తం కొలతతో భాగిస్తే రేటు వస్తుంది. ఆ రేటును ఒక్కో ఉత్పత్తి వాడుకున్న కొలతతో గుణిస్తే దాని వాటా వస్తుంది.

| పని | రేటు | సాదా వాడకం | స్పెషల్ వాడకం | సాదా వాటా | స్పెషల్ వాటా |
|---|---|---|---|---|---|
| మెషిన్ నడపడం | గంటకు 150 | 10,000 | 2,000 | 15,00,000 | 3,00,000 |
| సెటప్ | గంటకు 1,000 | 150 | 1,250 | 1,50,000 | 12,50,000 |
| కొనుగోళ్లు | ఆర్డరుకు 3,000 | 60 | 240 | 1,80,000 | 7,20,000 |
| తనిఖీ | గంటకు 800 | 250 | 500 | 2,00,000 | 4,00,000 |
| డిజైన్ మార్పులు | మార్పుకు 5,000 | 10 | 90 | 50,000 | 4,50,000 |
| మొత్తం | | | | 20,80,000 | 31,20,000 |

ఎక్సెల్‌లో రేట్ల అంకెలు మాత్రమే B కాలమ్‌లో, సాదా వాడకం C లో, స్పెషల్ వాడకం D లో పెట్టుకుంటే ఒక్కో ఉత్పత్తి వాటా ఒకే ఫార్ములాతో వస్తుంది:

```
=SUMPRODUCT($B$2:$B$6, C2:C6)
=SUMPRODUCT($B$2:$B$6, D2:D6)
```

రెండు వాటాలూ కలిపితే 52 లక్షలు, పక్కన పెట్టిన 8 లక్షలతో 60 లక్షలు. ఈ మొత్తం లెడ్జర్‌తో కలవకపోతే ముందుకెళ్లకండి. సాధారణంగా ఎవరో ఒకరి జీతం రెండు పనుల్లోనూ పూర్తిగా పడి ఉంటుంది.

ఇప్పుడు పీసుకెంతో చూద్దాం. సాదా వాల్వ్ మీద ఓవర్‌హెడ్ 250 కాదు, 104. ఖర్చు 604, మిగులు 196. స్పెషల్ మీద ఓవర్‌హెడ్ 1,000 కాదు, 3,120. ఖర్చు 5,020, అమ్ముతున్నది 4,000కు. ప్రతి పీసు మీదా 1,020 రూపాయలు చేతి నుంచి పోతున్నాయి.

ఏడాది లాభం మాత్రం మారదు. సాదా రకం 39.2 లక్షలు తెచ్చింది, స్పెషల్ 10.2 లక్షలు తినేసింది, ఉమ్మడి ఖర్చు 8 లక్షలు పోగా అదే 21 లక్షలు. రెండు లెక్కల్లోనూ ఆఖరి అంకె ఒకటే కావడం వల్లే ఈ తేడా ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

పాత లెక్కలో సాదా వాల్వ్ మీద ఒక్కోదానికి 146 రూపాయలు అదనంగా వేశారు. అందులో 40 రూపాయలు ఉమ్మడి ఖర్చు వాటా అనుకున్నా, మిగిలిన వంద పైచిలుకు అచ్చంగా స్పెషల్ వాల్వ్ తాలూకు బరువే. ఇరవై వేల పీసులు తలా కాస్త మోస్తే వెయ్యి పీసుల బరువు కనిపించకుండా పోతుంది.

5. "స్పెషల్ మానేద్దాం" అనే ముందు ఆ 3,120ని విప్పి చూడండి

ఏబీసీ చేసిన చాలామంది ఇక్కడే ఆగిపోయి తప్పు నిర్ణయం తీసుకుంటారు. నష్టం వస్తోంది కాబట్టి ఉత్పత్తిని ఆపేయాలంటారు. కానీ పీసుకు 5,020 అన్నది వాల్వ్ ఖర్చు కాదు. పది పీసుల బ్యాచ్‌లో పుట్టిన వాల్వ్ ఖర్చు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

స్పెషల్ ఖర్చులను రెండు కుప్పలుగా విడదీయండి. పీసు పెరిగితే పెరిగేవి ఒక వైపు: మెటీరియల్, కూలీ 1,900, మెషిన్ రెండు గంటలు 300, టెస్టింగ్ అరగంట 400. మొత్తం 2,600. బ్యాచ్ మొదలుపెట్టగానే పడేవి రెండో వైపు: సెటప్ 12,500, సగటున 2.4 కొనుగోలు ఆర్డర్లు 7,200, సగటున 0.9 డ్రాయింగ్ మార్పులు 4,500. మొత్తం 24,200. పది పీసులు చేసినా వంద పీసులు చేసినా ఈ రెండో కుప్ప దాదాపు అంతే.

ఇప్పుడు లెక్క కొత్త మాట చెబుతుంది. 4,000కు అమ్మితే ప్రతి పీసూ 1,400 మిగులుస్తుంది. ఆ 1,400లతో 24,200 పూడాలంటే 18 పీసులు కావాలి. ఆర్డరు 17 పీసులైతే పీసు ఖర్చు 4,024, నష్టం. 18 అయితే 3,944, ఒడ్డున పడ్డట్టే. 40 పీసుల ఆర్డరైతే 3,205 మాత్రమే. అదే వాల్వ్, అదే ధర, దాదాపు 800 రూపాయల మిగులు! అంటే నష్టం తెచ్చేది స్పెషల్ వాల్వ్ కాదు, పదేసి పీసుల ఆర్డరు.

సేల్స్ వాళ్ల చేతికి ఇవ్వాల్సింది కూడా పీసుకు 5,020 అనే ఒక్క అంకె కాదు. ఆర్డరుకు 24,200, పీసుకు 2,600 అనే జంట. పార్టీ పది పీసులు అడిగితే వాళ్లు అక్కడికక్కడే లెక్కేసి, ఇరవై తీసుకుంటే ధర ఎంత తగ్గించగలరో చెప్పొచ్చు, లేదా సెటప్ చార్జీ విడిగా అడగొచ్చు. పాత ఆర్డరే మళ్లీ వస్తే డ్రాయింగ్ మార్పు ఉండదు కాబట్టి 4,500 తీసేయాలి, అప్పుడు 15 పీసులకే గిట్టుబాటు. కార్ఖానా లోపల కూడా ఎక్కడ పని చేయాలో తెలుస్తుంది. సెటప్‌ను 12.5 గంటల నుంచి తగ్గించడం, వేర్వేరు స్పెషల్ వాల్వులకు ఒకే సైజు సీల్ వాడి కొనుగోలు ఆర్డర్లు తగ్గించడం, ఒకే కుటుంబానికి చెందిన రెండు ఆర్డర్లను ఒకే సెటప్‌లో లాగించడం. ఇవన్నీ 24,200 అనే అంకెను నేరుగా కోస్తాయి.

ఒక జాగ్రత్త. 2.4, 0.9 అన్నవి సగటులు. నలభై పీసుల ఆర్డరుకు మెటీరియల్ రెండు విడతల్లో తెప్పిస్తే కొనుగోలు ఆర్డర్లు పెరుగుతాయి. పెద్ద కొటేషన్ ఇచ్చే ముందు ఆ ఆర్డరుకు నిజంగా ఎన్ని అవసరమో విడిగా వేసుకోండి. పైగా ఈ అంకెల్లో 8 లక్షల ఉమ్మడి ఖర్చు లేదు. 18 పీసులు అనేది కనీస గట్టు మాత్రమే, అక్కడ లాభం ఉండదు.

6. ఖాళీగా ఉన్న గంటలను ఉత్పత్తి మీద రుద్దకండి

సెటప్ రేటు గంటకు 1,000 ఎలా వచ్చింది? 14 లక్షలను నిజంగా జరిగిన 1,400 గంటలతో భాగించాం. కానీ ఆ టీమ్ 1,400 గంటలే పనిచేయగలదా? ఏడాదికి వాళ్లకు జీతమిచ్చేది 2,100 గంటలకు అనుకుందాం. విరామాలు, మీటింగులు, ట్రైనింగ్, మెషిన్ చెడిపోయి ఆగిన సమయం తీసేస్తే నికరంగా 1,750 గంటలు పని చేయగలరు. ఉజ్జాయింపుగా జీతమిచ్చే సమయంలో 80 నుంచి 85 శాతం అందుతుందని అనుకోవచ్చు. దీన్ని ప్రాక్టికల్ కెపాసిటీ అంటారు.

14 లక్షలను 1,750తో భాగిస్తే గంటకు 800. వాడిన 1,400 గంటలకు 11.2 లక్షలు ఉత్పత్తుల మీదకు వెళ్తాయి. మిగిలిన 350 గంటల తాలూకు 2.8 లక్షలను "వాడని కెపాసిటీ" అని విడిగా ఒక వరుసలో చూపించండి. స్పెషల్ బ్యాచ్ సెటప్ 12,500 నుంచి 10,000కు దిగుతుంది, గిట్టుబాటు గీత 18 నుంచి 16 పీసులకు వస్తుంది.

ఇలా చేయకపోతే ఏమవుతుందో ఊహించండి. వచ్చే ఏడాది ఆర్డర్లు తగ్గి సెటప్ గంటలు 1,000కి పడిపోయాయి. 14 లక్షలను వెయ్యితో భాగిస్తే రేటు 1,400 అవుతుంది. ఖర్చు పెరిగిందని మీరు ధర పెంచుతారు, మరికొన్ని ఆర్డర్లు పోతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. ఈ సుడిలో పడి మంచి ఉత్పత్తుల్ని వదులుకున్న కంపెనీలున్నాయి. ప్రాక్టికల్ కెపాసిటీతో భాగిస్తే రేటు 800 దగ్గరే ఉంటుంది, ఖాళీ ఖర్చు పెరిగినట్టు విడిగా కనిపిస్తుంది. దానికి జవాబు చెప్పాల్సింది పార్టీ కాదు, మేనేజ్‌మెంట్.

శాతాలు అడిగితే ఎప్పుడూ 100 వస్తుందని చెప్పాను కదా. ఆ పద్ధతిలో ఈ 350 గంటలు ఎప్పటికీ బయటపడవు. కప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో టైమ్ డ్రివెన్ ఏబీసీ అని ముందుకు తెచ్చింది ఇందుకే. శాతాలు అడగడం మానేసి రెండే కొలవమంటారు: ఆ విభాగం గంట ఖర్చెంత, ఒక్కోసారి ఆ పనికి ఎన్ని నిమిషాలు. మొదటి ఏడాది సెటప్‌కు, తనిఖీకి మాత్రమే ఇలా చేసినా సరిపోతుంది.

7. ఈ అంకెలు ఎక్కడ పనికిరావు

స్పెషల్ వాల్వ్ రేపటి నుంచి ఆపేస్తే 31.2 లక్షలు ఆదా అవుతాయా? కావు. సెటప్ టీమ్ జీతాలు వచ్చే నెలా ఇవ్వాల్సిందే. వాళ్లను వేరే పనికి మార్చినప్పుడో, ఖాళీ అయిన పోస్టును నింపకుండా ఉంచినప్పుడో మాత్రమే ఆ డబ్బు నిజంగా మిగులుతుంది. ఈ లోపు స్పెషల్ అమ్మకాలు పోతే, మెటీరియల్, కూలీ పోను పీసుకు 2,100 చొప్పున వస్తున్నది కూడా పోతుంది. కాబట్టి "ఈ నెల ఈ ఆర్డరు తీసుకోనా వద్దా" అనే ప్రశ్నకు, టీమ్ ఖాళీగా ఉంటే, ఏబీసీ అంకె జవాబు కాదు. "వచ్చే రెండేళ్లూ ఇలాంటి ఆర్డర్ల కోసం ఈ టీమ్‌ను పెట్టుకోనా" అనే ప్రశ్నకు అది జవాబు.

బ్యాలెన్స్ షీట్‌లో చూపే స్టాకు విలువకు కూడా ఈ షీటును యథాతథంగా వాడకండి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారం ఉత్పత్తి ఓవర్‌హెడ్‌లు స్టాకు విలువలో కలవాలి. స్థిర ఓవర్‌హెడ్‌ను మామూలు కెపాసిటీ ఆధారంగా పంచాలి, వాడని కెపాసిటీ ఖర్చును ఆ ఏడాది ఖర్చుగానే చూపాలి. మనం పక్కన పెట్టిన ఫ్యాక్టరీ మేనేజరు జీతం అక్కడ మళ్లీ లెక్కలోకి వస్తుంది. నిర్ణయాలకు ఒక షీటు, పుస్తకాలకు మరో షీటు ఉంచుకుని, రెండింటి మధ్య తేడాను ఒక చిన్న పట్టికగా రాసి పెట్టుకుంటే ఏడాది చివర ఆడిటర్ ముందు టెన్షన్ ఉండదు.

రేట్లను ప్రతి నెలా తిరగదోడక్కర్లేదు. జీతాలు మారినప్పుడు, కొత్త మెషిన్ వచ్చినప్పుడు, సెటప్ పద్ధతి మార్చినప్పుడు ఆ ఒక్క రేటునే సరిచేయండి. మధ్యలో మూడు నెలలకోసారి స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక స్పెషల్ బ్యాచ్ పక్కన నిలబడి రండి. మీ షీటులో 12.5 అని ఉండి అక్కడ 16 గంటలు పడుతుంటే, గంటకు 800 రేటు మీద గిట్టుబాటు గీత 16 నుంచి 18 పీసులకు జరిగిందన్నమాట. సేల్స్ వాళ్ల దగ్గరున్న కాగితం ఆ రోజే మార్చాలి.